పిల్లలు “బాలేదు” అని ఒక్క ముక్క పంపితే తిరిగి ఏం రాయాలి

హాస్టల్లో ఉన్న పిల్లలు పంపే మెసేజ్‌లు ఎలా ఉంటాయో తల్లిదండ్రులకి వేరే చెప్పక్కర్లేదు. “ఆ”, “తిన్నా”, “బానే ఉంది”, “ఏం లేదు”, “తర్వాత చేస్తా”. వీటిలో చాలావాటి వెనకాల నిజంగానే ఏమీ ఉండదు. అప్పుడప్పుడు మాత్రం వాటి మధ్యలో కాస్త తేడాగా ఒకటి వస్తుంది. “మ్యాథ్స్ బాలేదు.” “నిద్ర రావట్లేదు.” “ఇక్కడ నచ్చట్లేదు.” అదీ రెండు మూడు ముక్కలే. కానీ దానికి మీరు పంపే మొదటి జవాబు ఎంత పొడుగుంది, ఏ గొంతుతో ఉంది అన్నదాన్ని బట్టే ఆ తర్వాత మాట వస్తుందా రాదా అన్నది చాలావరకు తేలిపోతుంది. ఆ జవాబు ఎలా రాయాలో, దాని తర్వాత నాలుగైదు మెసేజ్‌లు ఎలా నడపాలో ఇక్కడ చెబుతాను. అన్న, అక్క, బాబాయి, పిన్ని, ఎవరు రాసినా పద్ధతి ఇదే.

మాట తేలిగ్గా నడవడానికి ఒక ఉదాహరణ కల్పించుకుందాం. నాన్న ఒంగోల్లో ఉంటాడు. కూతురు హైదరాబాద్ శివార్లలో బీటెక్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటోంది. మొదటి మిడ్ పరీక్షలు నడుస్తున్నాయి. రాత్రి 9:40కి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది:

“మ్యాథ్స్ మిడ్ బాలేదు”

ముందు పైకి స్క్రోల్ చేసి చూడండి

జవాబు టైప్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగి, అదే చాట్‌లో గత వారం పది రోజుల మెసేజ్‌లు చూడండి. చూడాల్సింది ఒక్కటే: ఇది మీరు అడిగితే చెప్పిన మాటా, అడక్కుండా వచ్చిన మాటా? “మిడ్ ఎలా రాశావ్?” అని మీరడిగితే “బానే” అని వచ్చిందంటే అది జవాబు, అంతే. దాన్ని పట్టుకుని లాగితే విసుగొస్తుంది. ఎవరూ అడక్కుండా, భోజనం వేళ దాటాక, తనంతట తానే “బాలేదు” అని రాసిందంటే అది మొదలు. చిన్నగా ఉంది కాబట్టి చిన్న విషయం అనుకోవడం ఇక్కడ మొదటి పొరపాటు. మాట బయటపెట్టాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్ళు ముందు ఒక ముక్క విసిరి, అవతలివాళ్ళు ఏం చేస్తారో చూస్తారు. పెద్దవాళ్ళమైనా మనం చేసేది అదే.

ఇంకో కోణం కూడా ఉంది. మెసేజ్ పొట్టిగా ఉండటానికి మనసుతో సంబంధం లేని కారణాలు బోలెడు. పక్కన రూమ్మేట్ ఉండొచ్చు, చార్జింగ్ అయిపోతుండొచ్చు, కొన్ని హాస్టళ్ళలో ఫోన్ రోజుకి గంటో అరగంటో మాత్రమే ఇస్తారు. అందుకని “ఇంత ముభావంగా రాసిందేంటి” అని పొడుగును బట్టి అర్థాలు తీయకండి. పొడుగు వదిలేసి, ఆమె ఎంచుకున్న మాట చూడండి. “అయిపోయింది” అనొచ్చు, “రాశా” అనొచ్చు. “బాలేదు” అని రాసింది.

ఎంత పొడుగు రాయాలి

ఇక్కడ చేతికి వచ్చేవి రెండు అలవాట్లు. ఒకటి, అవతల ఎంత రాస్తే మనమూ అంతే రాయడం: “ఓకే, నెక్స్ట్ టైమ్ బాగా రాయి.” రెండోది, దాచుకున్నదంతా ఒకేసారి కుమ్మరించడం. ఫౌండేషన్ ఎంత ముఖ్యమో, నిద్ర ఎంత ముఖ్యమో, మన రోజుల్లో ఎలా చదివామో, పెదనాన్న కొడుకు ఏ కంపెనీలో చేరాడో అన్నీ కలిపి ఒక పేజీ. రెంటికీ చివర జరిగేది ఒకటే. అటునుంచి “ఓకే నాన్న” అని వస్తుంది, సంగతి అక్కడితో అయిపోతుంది.

సరైన పొడుగు ఈ రెంటి మధ్యలో ఉంది, అది ఊహ మీద చెబుతున్నది కాదు. 1960లలో అమెరికాలో జోసెఫ్ మటరాజో అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉద్యోగాల ఇంటర్వ్యూల మీద ఒక పరిశోధన చేశాడు. ఇంటర్వ్యూ చేసే మనిషి ఒక్కోసారి మాట్లాడేది సగటున 5 సెకన్లు ఉండేలా కొంతసేపు, 10 సెకన్లు ఉండేలా కొంతసేపు, మళ్ళీ 5కి తగ్గించి కొంతసేపు నడిపారు. అడిగేవాడి మాట పెరిగినప్పుడు అభ్యర్థి జవాబు కూడా దాదాపు రెట్టింపైంది, తగ్గించాక తగ్గింది. అభ్యర్థికి ఈ సంగతి తెలియదు. అవతలివాళ్ళు ఎంత చోటు తీసుకుంటే మనకీ అంత చోటు ఉందనుకుంటాం, తెలియకుండానే.

అది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడిన సంగతి. మెసేజ్‌ల గురించి మన విషయానికి ఇంకా దగ్గరైనది ఒకటుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో టిమ్ ఆల్టాఫ్, కెవిన్ క్లార్క్, యూరె లెస్కోవెక్ 2016లో ప్రచురించిన పరిశోధన అది. కష్టంలో ఉన్నవాళ్ళు మెసేజ్‌ల ద్వారా సాయం అడిగే ఒక అమెరికా సంస్థకి చెందిన దాదాపు 80 వేల సంభాషణల్ని, పేర్లు తీసేసి, వాళ్ళు పరిశీలించారు. అవతలి మనిషి తన ఇబ్బంది గురించి చాలా తక్కువ రాసి, అసలు విషయం ఏమిటో అంతుచిక్కనప్పుడు, మంచి ఫలితాలున్న కౌన్సెలర్లు మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువ రాశారు. ఆ ఎక్కువ రాసింది సలహా కాదు. నేను అర్థం చేసుకున్నది ఇదేనా అని సరిచూసుకునే మాటలు, చెప్పినందుకు మెచ్చుకునే మాటలు. ఇంకో తేడా కూడా కనిపించింది: వాళ్ళ జవాబులు అందరికీ పంపే అచ్చు వాక్యాల్లా ఉండవు, ఆ మనిషికే రాసినట్టుంటాయి.

దీన్నుంచి ఇంట్లో వాడుకోదగ్గ కొలత నాది ఒకటుంది. రెండు మూడు ముక్కల మెసేజ్‌కి రెండు మూడు చిన్న వాక్యాలు, పదిహేను నుంచి పాతిక మాటల్లోపు. ఫోన్ స్క్రీన్ మీద నాలుగైదు లైన్లు దాటకూడదు. అంతకంటే తక్కువైతే మీరు పని మధ్యలో ఉండి ఏదో ఒకటి పంపినట్టుంటుంది. అంతకంటే ఎక్కువైతే చదవడమే ఒక పని, పైగా దానికి సమానంగా ఏదో రాయాలన్న బాధ్యత మీద పడుతుంది. పరీక్ష పాడై కూర్చున్న పిల్లకి అది ఇంకో పరీక్ష. ఆమె మెసేజ్ పెరిగేకొద్దీ మీరూ పెంచుకోవచ్చు. మొదటి జవాబులో మాత్రం ఆమెకంటే కొంచెమే ముందుండాలి.

మూడు పనులు చేసే జవాబు

ఆ పాతిక మాటల్లో మూడు పనులు జరగాలి.

మొదటిది, ఆమె వాడిన మాటనే తిరిగి వాడటం. “బాలేదు” అంటే “బాలేదా” అనండి. దాన్ని “ఫెయిలవుతావా?” అని పెంచకండి, “పర్లేదులే, బానే వస్తాయి” అని చెరపకండి. మన ఇళ్ళలో ఈ రెండోదే ఎక్కువ. ధైర్యం చెబుతున్నాం అనుకుంటాం. అటువైపు మాత్రం, ఇప్పుడే బాలేదని చెప్తే వెంటనే బానే ఉందంటున్నారు, అంటే వినలేదన్నమాట అని చేరుతుంది.

రెండోది, ఒక చిన్న అంచనా, తప్పయితే సరిదిద్దడానికి వీలుగా. దీనికి మన భాషలో మంచి సదుపాయం ఉంది. “-నట్టుంది”, “అనుకుంటా”, “ఏమో” లాంటివి చేరిస్తే వాక్యం తీర్పులా ఉండదు. “నువ్వు టెన్షన్ పడుతున్నావు” అంటే “నేనేం పడట్లేదు” అనాలనిపిస్తుంది. “టెన్షన్‌గా ఉన్నట్టుంది” అంటే “టెన్షన్ కాదు, చిరాకు” అని చెప్పడానికి దారుంటుంది. అంచనా తప్పైనా నష్టం లేదు. తప్పును సరిదిద్దడం కోసమే చాలామంది మొదటిసారి పూర్తి వాక్యం రాస్తారు.

మూడోది, తేలిగ్గా జవాబు చెప్పగలిగే ఒకే ఒక్క ప్రశ్న. తేలిక అంటే ఆలోచించక్కర్లేనిది, తలవంచుకోనక్కర్లేనిది. “ఎన్ని వస్తాయి?” తేలిక కాదు, ఎందుకంటే జవాబు చెప్పడమంటే మార్కులు ఒప్పుకోవడం. “ఏం జరిగిందో మొత్తం చెప్పు” కూడా తేలిక కాదు, అది వ్యాసరచన. ఇదిగో, ఇలా ఉండొచ్చు:

“అయ్యో, మ్యాథ్స్ మిడ్ బాలేదా తల్లీ. సాయంత్రం నుంచీ అదే తలలో తిరుగుతున్నట్టుంది. రాసేటప్పుడే తెలిసిపోయిందా, బయటికొచ్చాక ఫ్రెండ్స్‌తో మాట్లాడాక తెలిసిందా?”

ప్రశ్న చూడండి. రెండిట్లో ఏది చెప్పినా తప్పు లేదు, ఒక్క మాటలో చెప్పొచ్చు, పైగా అది ఆమె గడిపిన రోజు గురించి. మార్కుల గురించి కాదు. 2017లో హార్వర్డ్ పరిశోధకులు కరెన్ హువాంగ్, ఆలిసన్ వుడ్ బ్రూక్స్ బృందం చాట్ సంభాషణల మీద చేసిన పరిశోధనలో, ప్రశ్నలు ఎక్కువ అడిగినవాళ్ళు అవతలివాళ్ళకి ఎక్కువ నచ్చారని తేలింది. అందులోనూ ఇప్పుడే చెప్పినదాని కొనసాగింపుగా అడిగే ప్రశ్నలదే అసలు బలం. మీరు వింటున్నారనడానికి అంతకంటే రుజువు లేదు. కానీ ఒక మెసేజ్‌లో ఒకటే. “ఎన్ని వదిలేశావ్? టైమ్ చాల్లేదా? సిలబస్ బయటినుంచి వచ్చాయా? మిగతావాళ్ళెలా రాశారు?” అని నాలుగు పంపితే వాటిలో అతి తేలికైనదానికి మాత్రం జవాబొస్తుంది, లేదా దేనికీ రాదు.

గొంతు ఎక్కడ చెడుతుంది

మనం రాసేటప్పుడు మన గొంతు మనకి వినిపిస్తుంటుంది. అవతలివాళ్ళకి వినిపించదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం ఈమెయిళ్ళతో ఒక ప్రయోగం చేసింది. తాము సీరియస్‌గా రాశామా వ్యంగ్యంగా రాశామా అన్నది అవతలివాళ్ళు 78 శాతం సార్లు కనిపెట్టేస్తారని రాసినవాళ్ళు అనుకున్నారు. నిజానికి కనిపెట్టింది 56 శాతం. బొమ్మాబొరుసు వేసినా 50 వస్తుంది. అంటే ప్రేమగా రాశాను కదా అని మీరు అనుకోవడం సరిపోదు. ఆ ప్రేమ అక్షరాల్లో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి.

“ఎందుకు” అనే ప్రశ్న దగ్గర ఇది బాగా తెలుస్తుంది. “ఎందుకు బాలేదు?” అని ఫోన్లో మెత్తగా అడిగితే ఆరా. మెసేజ్‌లో అదే ముక్క సంజాయిషీ అడిగినట్టుంటుంది. దానికి వచ్చేది కారణం కాదు, సమర్థన: “పేపర్ టఫ్ వచ్చింది.” సంగతి పేపర్ మీదకి వెళ్ళిపోయింది, ఆమె గురించి ఇక రాదు. ఈ మొదటి రెండు మూడు మెసేజ్‌ల వరకైనా “ఎందుకు” వదిలేసి “ఎప్పుడు”, “ఎక్కడ”, “ఎలా అనిపించింది” వాడండి.

పిలుపు కూడా చూసుకోవాలి. రోజూ “బుజ్జీ” అనో “నాన్నా” అనో పిలిచేవాళ్ళు మెసేజ్‌లో ఆ పిలుపు వదిలేస్తే కోపమొచ్చిందేమో అనిపిస్తుంది. ఉన్నట్టుండి పూర్తి పేరుతో పిలిస్తే ఇంకా అనుమానం. మామూలుగా ఏది వాడతారో అదే వాడండి, ఒక్కసారి చాలు. ఎప్పుడూ పేరు తప్ప ఇంకేమీ వాడని తండ్రి ఈ ఒక్క రాత్రి “బంగారం” అని రాస్తే అది కూడా పిల్లకి వింతగానే ఉంటుంది.

ఒంటి మాట జవాబులు, ముఖ్యంగా చివర చుక్క పెట్టినవి, జాగ్రత్త. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్టన్ యూనివర్సిటీలో సీలియా క్లిన్ బృందం 2015లో చూసింది ఇదే. ఒకే మాట ఉన్న టెక్స్ట్ మెసేజ్ జవాబు చివర ఫుల్‌స్టాప్ ఉంటే విద్యార్థులు దాన్ని తక్కువ మనసుతో రాసినట్టు అనుకున్నారు. అదే జవాబు చేతిరాత చీటీలో ఉంటే ఆ తేడా కనిపించలేదు. మన పిల్లలకి “సరే.” అంటే అదే. బొటనవేలు ఎమోజీ కూడా ఆ జాతిదే. మీకది “చూశాను, సరే” అయితే, వాళ్ళకి “ఇక చాలు”. అన్ని వాక్యాల చివరా చుక్కలు తీసెయ్యమని కాదు, రెండు మూడు వాక్యాలున్న మెసేజ్‌లో చుక్క ఎవరినీ బాధపెట్టదు. ఒంటి మాట పంపకుండా ఉంటే చాలు.

వాయిస్ మెసేజ్ గురించి చాలామంది అడుగుతారు. గొంతు వినిపిస్తుంది కాబట్టి మంచిదే కదా అని. నా లెక్కలో మొదటి జవాబుకి వద్దు. పక్కన నలుగురుంటే ఆమె దాన్ని తెరవలేదు, తెరవాలంటే ఇయర్‌ఫోన్స్ వెతకాలి. పైగా మాట్లాడటం మొదలుపెడితే పాతిక మాటల దగ్గర ఎవరు ఆగుతారు? వెంటనే ఫోన్ చేయడం కూడా అంతే. టైప్ చేయడాన్ని ఆమె ఎంచుకుందంటే దానికి కారణం ఉండొచ్చు. గొంతు వణుకుతుందని, ఏడుపు వినిపిస్తుందని. “ఫోన్ చెయ్యనా, ఇలాగే రాసుకుందామా?” అని అడగొచ్చు, రెండో మూడో మెసేజ్‌లో.

ఇక ఆలస్యం. నీలం టిక్కులు పడి రెండు గంటలు ఏమీ రాకపోతే అదీ ఒక జవాబే, మంచిది కాదు. పనిలో ఉంటే చూసిన వెంటనే ఒక లైన్ పంపండి: “చూశా తల్లీ, బస్సులో ఉన్నా. పదిన్నరకి ఇంటికెళ్ళగానే తీరిగ్గా రాస్తా.” చెప్పిన టైముకి రాయండి. ఇది మాత్రం తప్పకూడదు.

రెండో మెసేజ్ నుంచి అసలు కష్టం

చాలామంది మొదటి జవాబు బాగానే రాస్తారు. అటునుంచి కాస్త సమాచారం రాగానే ఆగలేరు. మన ఉదాహరణలో అమ్మాయి ఇలా రాసిందనుకోండి:

“రాసేటప్పుడే. 2 క్వశ్చన్స్ వదిలేశా”

ఇక్కడ నాన్న వేళ్ళు వాటంతటవే కదులుతాయి: టైమ్ మేనేజ్‌మెంట్, పాత పేపర్లు, పొద్దున్నే లేవడం. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్‌నిక్ అనే ఇద్దరు రూపొందించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే కౌన్సెలింగ్ పద్ధతిలో ఈ దురదనే ప్రత్యేకంగా గుర్తుపట్టమంటారు. ఎదుటివాళ్ళ ఇబ్బంది కనపడగానే సరిచేసేయాలన్న తొందర. అది ప్రేమతోనే వస్తుంది, మాటను మాత్రం ఆపేస్తుంది. ఆ పద్ధతి నేర్పేటప్పుడు ఒక ప్రశ్నకి రెండుసార్లు చెప్పింది తిరిగి అనమంటారు. ఇంట్లో లెక్కపెట్టుకోనక్కర్లేదు గానీ, వరసగా రెండు మెసేజ్‌లు ప్రశ్నతో ముగించకుండా చూసుకుంటే చాలు. కాబట్టి ఈసారి ప్రశ్న లేకుండా:

“రెండు వదిలేశాక కూడా బెల్ కొట్టేదాకా అక్కడే కూర్చోవాలి కదా. ఆ టైమ్ ఎంతకీ కదిలి ఉండదు.”

ఇందులో నాన్న అడిగిందేమీ లేదు. ఆ గదిలో ఆమె పక్కన కూర్చున్నట్టు రాశాడు, అంతే. దీనికి జవాబు వెంటనే రాకపోవచ్చు. “టైపింగ్” అని కనపడి ఆగిపోవచ్చు, మళ్ళీ కనపడొచ్చు. ఆ ఖాళీలో ఇంకో మెసేజ్ పంపకండి. కాసేపటికి:

“హ్మ్. అందరూ అడిషనల్స్ అడుగుతున్నారు. నాకే ఏం రావట్లేదు”

విషయం మారింది చూశారా. రెండు ప్రశ్నలు వదిలేయడం పరీక్ష సంగతి. “నాకే” అన్నది వేరే సంగతి. ఒక మెసేజ్‌లో రెండు మూడు విషయాలు ఉన్నప్పుడు దేన్ని పట్టుకోవాలన్నది ఇక్కడే తేల్చుకోవాలి, దానికి నేను వాడే కొలత ఇది: చెప్పడానికి ఆమెకి ఏది ఎక్కువ కష్టమై ఉంటుందో దాన్ని పట్టుకోండి. అడిషనల్ షీట్లు కాదు, “నాకే”.

“చుట్టూ అందరూ రాసేస్తుంటే నువ్వొక్కదానివే ఆగిపోయినట్టు అనిపించింది. ఇది ఈ పరీక్షలోనేనా, క్లాసులో కూడా అలాగే ఉంటోందా?”

మళ్ళీ ప్రశ్న వచ్చింది, కానీ మధ్యలో ఒక మెసేజ్ ఖాళీ ఇచ్చాక. ఇప్పుడు జవాబు పొడుగు గమనించండి:

“క్లాసులో కూడా. సార్ ఫుల్ ఇంగ్లీషులో ఫాస్ట్‌గా చెప్తారు. ఇంటర్‌లో మనకి ఇలా లేదు కదా. డౌట్ అడిగితే నవ్వుతారేమో అని అడగను. సెకండ్ వీక్ నుంచే అర్థం కావట్లేదు. ట్యూషన్ అడుగుదాం అనుకున్నా కానీ ఆల్రెడీ ఫీజు చాలా అయింది”

మూడు ముక్కలతో మొదలై ఇక్కడిదాకా వచ్చింది. రెండో వారం నుంచి మోస్తున్నదంతా ఒక మెసేజ్‌లో ఉంది, చివర ఫీజు మాట కూడా ఉంది. తొమ్మిదీ నలభైకి “పర్లేదులే, నెక్స్ట్ టైమ్ చూసుకుందాం” అని వెళ్ళి ఉంటే ఈ ఫీజు సంగతి నాన్నకి తెలిసేది కాదు. ఇప్పుడు ఆయన కూడా కాస్త పొడుగు రాయొచ్చు:

“రెండో వారం నుంచీ ఒక్కదానివే లాక్కొస్తున్నావన్నమాట. చెప్పావు, మంచి పని చేశావు. ఫీజు సంగతి నాది తల్లీ, దాని గురించి ఆలోచించి ఏదీ ఆపుకోకు. ట్యూషన్ గురించి, సార్‌ని అడగడం గురించి నాకో ఆలోచన ఉంది. ఇప్పుడు చెప్పనా, రేపు కాలేజీ అయ్యాక ఫోన్లో మాట్లాడుకుందామా?”

సలహా ఇవ్వొద్దని నేను అనట్లేదు. పిల్లకి నిజంగా ట్యూషనో, సీనియర్ సాయమో కావాలి, ఆ దారి చూపించాల్సింది పెద్దవాళ్ళే. కాకపోతే విషయం మొత్తం బయటికొచ్చాక, అడిగి చెప్పాలి. “రేపు” అంటే రేపే. రాత్రి పదిన్నరకి అలిసిపోయిన పిల్లకి మీ ఆలోచన ఎంత మంచిదైనా ఎక్కదు.

ఒక హెచ్చరిక. అన్ని మెసేజ్‌లకీ “చెప్పావు, మంచి పని చేశావు” అని పెట్టడం మొదలుపెడితే వారంలో దాని రుచి పోతుంది. “అనిపించినట్టుంది” కూడా అంతే. వరసగా మూడుసార్లు వాడితే “ఏంటి నాన్నా, యూట్యూబ్‌లో ఏదన్నా చూశావా” అంటారు, పిల్లలు ఇలాంటివి తొందరగా పసిగడతారు. తిరిగి అనడం అంటే చిలకలా అనడం కాదు. పై ఉదాహరణలో “బెల్ కొట్టేదాకా అక్కడే కూర్చోవాలి కదా” అన్నది ఆమె అనని మాట. ఆమె చెప్పినదాంట్లో ఉన్నదే, ఆమె చెప్పనిది.

జవాబు రాకపోతే

మంచి జవాబు రాసినా ఒక్కోసారి ఏమీ రాదు. లేదా “ఏం లేదులే” అని వస్తుంది. ఆ రాత్రికి దాన్ని అలాగే వదిలేయండి, కానీ మూసేయకండి:

“సరేలే, ఇప్పుడు వద్దు. ఎప్పుడనిపిస్తే అప్పుడు రాయి, నేను పదకొండు దాకా మేలుకునే ఉంటా.”

పదకొండు అన్నారు కాబట్టి పదకొండు దాకా ఫోన్ దగ్గర ఉంచుకోండి. మర్నాడు పొద్దున “ఇప్పుడెలా ఉంది? చెప్పవేం?” అని వెంటపడొద్దు. మామూలు విషయం ఏదో ఒకటి రాయండి. మీ వీధిలో జరిగినదో, ఇంట్లో వండినదో. మాట నడుస్తోందని తెలిస్తే చాలు. రెండు మూడు రోజులాగి, ఒకసారి, పాత మాటకి తిరిగి వెళ్ళొచ్చు: “మొన్న మ్యాథ్స్ బాలేదన్నావు, మధ్యలో గుర్తొచ్చింది.” ప్రశ్న అక్కర్లేదు. గుర్తుంది అని తెలిస్తే చాలు.

ఇంకోటి: ఆ సంగతిని ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. మామయ్యకో, లెక్చరర్ అయిన పక్కింటాయనకో చెప్పి వాళ్ళచేత మెసేజ్ చేయించకండి. “అమ్మా, మీ నాన్న చెప్పారు, మ్యాథ్స్‌లో వీక్ అట కదా” అని ఒక్క ఫోన్ వెళ్ళిందంటే ఆ ఏడాది ఇక “బానే ఉంది” తప్ప ఇంకేమీ రాదు. ఎవరికైనా చెప్పాల్సిన అవసరం ఉంటే ముందు ఆమెని అడగండి.

ఈ పద్ధతి పక్కన పెట్టాల్సిన మెసేజ్‌లు

“ఇక చాలు”, “నా వల్ల కాదు నాన్నా, సారీ”, “నేను లేకపోతే మీకే మంచిది”. ఇలాంటివి, లేదా ఇవ్వాల్సిన వస్తువులూ డబ్బులూ అందరికీ ఇచ్చేస్తున్నట్టు అనిపించే మాటలు వస్తే ఎన్ని మాటలు రాయాలి, ప్రశ్న ఉండాలా వద్దా అని చూడక్కర్లేదు. వెంటనే ఫోన్ చేయండి. ఎత్తకపోతే రూమ్మేట్‌కి, ఆ తర్వాత వార్డెన్‌కి. ఈ రెండు నంబర్లూ చేరిన రోజే తీసి పెట్టుకోవాలి, రాత్రి పదకొండుకి కాలేజీ ఆఫీసు నంబరు పనికిరాదు. రూమ్మేట్‌తో “కాస్త దాని పక్కన ఉండమ్మా, ఒంటరిగా వదలకు, నేను బయల్దేరుతున్నా” అని స్పష్టంగా చెప్పండి.

పిల్ల ఫోన్ ఎత్తితే సూటిగా అడగండి: “చనిపోవాలని అనిపిస్తోందా తల్లీ?” అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు. ఆత్మహత్యల నివారణలో పనిచేసేవాళ్ళు సూటిగానే అడగమంటారు. అవునంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, మాట ఆగకుండా చూడండి, మనిషి చేరేదాకా. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416. రోజంతా పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లే కాదు, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులు కూడా దానికి ఫోన్ చేయొచ్చు. ప్రాణానికి అప్పటికప్పుడు ప్రమాదం ఉందనిపిస్తే 112.